పన్నెండు వేలు జీతమా, ఇంటికిచ్చిన డబ్బా: మోటారు ప్రమాద క్లెయిములో ఆధార నష్టం లెక్క, వాదన

మోటారు ప్రమాదంలో ఇంటి మనిషి చనిపోయిన కేసుల్లో, భార్య బోనెక్కి చెప్పే ఒక్క వాక్యం మీద లక్షల రూపాయల తేడా వస్తుంది. "మీ ఆయన నెలకు ఇంట్లో ఎంత ఇచ్చేవాడమ్మా?" అని ఇన్సూరెన్స్ కంపెనీ న్యాయవాది అడుగుతారు. "పన్నెండు వేల దాకా ఇచ్చేవాడండీ" అని ఆమె చెబుతుంది. ఆ జవాబు క్రాస్ ఎగ్జామినేషన్‌లో రికార్డవుతుంది. తుది వాదనల్లో కంపెనీ ఆ వాక్యాన్నే చూపించి, మృతుడి ఆదాయం నెలకు 12,000 రూపాయలని స్వయంగా భార్యే ఒప్పుకుందని అంటుంది. పిటిషన్‌లో 25,000 అని రాసి ఉంటుంది కాబట్టి క్లెయిమ్‌దారుల తరఫు న్యాయవాది ఇబ్బందిలో పడతారు. నిజానికి ఆ జవాబు క్లెయిముకు నష్టం చేసేది కాదు. సరిగా చదివితే బలమిచ్చేదే. అది ఎలాగో తెలియాలంటే లాస్ ఆఫ్ డిపెండెన్సీ, అంటే మృతుడి మీద ఆధారపడినవారికి కలిగే ఆధార నష్టం, ఎలా లెక్క కడతారో ముందు చూడాలి.

ఉదాహరణకు ఒక కేసును ఊహించుకుందాం. సూర్యాపేట దగ్గర జాతీయ రహదారి మీద 2024 ఫిబ్రవరి 12న, పని ముగించుకుని మోటార్ సైకిల్ మీద ఇంటికి వస్తున్న ఒక తాపీ మేస్త్రీని వెనక నుంచి లారీ ఢీకొట్టింది. ఆయన అక్కడికక్కడే చనిపోయాడు. ఆయనకు భార్య, చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారు. తండ్రి అంతకు ముందే పోయాడు. మేస్త్రీకి వేరుగా కాపురం ఉంటున్న తమ్ముడు ఒకడున్నాడు. లారీకి ఇన్సూరెన్స్ ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ పిటిషన్ దాఖలైంది. డ్రైవర్ నిర్లక్ష్యం విషయంలో ఎఫ్.ఐ.ఆర్., చార్జిషీటు, ప్రత్యక్ష సాక్షి ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి అసలు పోరు పరిహారం మొత్తం మీదే.

లెక్కకు ఆధారం రెండు సుప్రీంకోర్టు తీర్పులు. మొదటిది 2009లో వచ్చిన సరళా వర్మ తీర్పు. మృతుడి సొంత ఖర్చుకు ఎంత తగ్గించాలి, ఏ వయసుకు ఏ మల్టిప్లయర్, అంటే ఏడాది నష్టాన్ని గుణించే అంకె, వాడాలి అనే రెండు విషయాల్లో అంతకు ముందున్న గందరగోళాన్ని అది తీసేసింది. రెండోది 2017 అక్టోబర్ 31న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన ప్రణయ్ సేఠీ తీర్పు. అది సరళా వర్మ పట్టికను ఖాయం చేసింది. స్వయం ఉపాధిలో ఉన్నవారికీ, పెరుగుదల లేని జీతం మీద ఉన్నవారికీ కూడా భవిష్యత్తులో పెరగబోయే ఆదాయాన్ని కలపాలని చెప్పింది. అలాంటివారు 40 ఏళ్ల లోపైతే 40 శాతం, 40 నుంచి 50 మధ్యైతే 25 శాతం, 50 నుంచి 60 మధ్యైతే 10 శాతం కలపాలి. పర్మనెంట్ ఉద్యోగి అయితే అవే వయసులకు వరసగా 50, 30, 15 శాతం.

మన మేస్త్రీ ఆదాయం నెలకు 15,000 అనీ, వయసు 39 అనీ, ఆయన మీద ఆధారపడినవారు నలుగురనీ రుజువైందనుకుందాం. ఏడాది ఆదాయం 1,80,000. దానికి 40 శాతం కలిపితే 2,52,000. ఆధారపడినవారు నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉంటే మృతుడు తన మీద ఖర్చు పెట్టుకునేది నాలుగో వంతుగా తీసుకోవాలి కాబట్టి 63,000 తీసేస్తే 1,89,000 మిగులుతుంది. ఏటా కుటుంబానికి అందకుండా పోయింది ఆ మొత్తం. 36 నుంచి 40 ఏళ్ల వయసుకు మల్టిప్లయర్ 15. 1,89,000ని 15తో గుణిస్తే 28,35,000 రూపాయలు. ఇదీ ఆధార నష్టం.

ఈ లెక్కలో తరచూ కనబడే తప్పు ఒకటుంది. కొందరు ముందు నాలుగో వంతు తీసేసి 1,35,000 తెచ్చుకుని, తర్వాత 40 శాతాన్ని అసలు ఆదాయం 1,80,000 మీద లెక్కగట్టి, ఆ 72,000ను మిగిలినదానికి కలుపుతారు. అలా చేస్తే 2,07,000 వస్తుంది, 15తో గుణిస్తే 31,05,000 అవుతుంది. ఇది సరైన మొత్తం కంటే 2,70,000 ఎక్కువ. పెరిగిన ఆదాయంలో నుంచి కూడా మనిషి తన ఖర్చు పెట్టుకుంటాడు కాబట్టి తగ్గింపు పెరిగిన మొత్తానికి వర్తించాలి. ఇలాంటి లెక్క ట్రిబ్యునల్‌లో దాటిపోయినా హైకోర్టు అప్పీలులో పట్టుబడుతుంది. అప్పుడు తగ్గేది ఆ మొత్తం ఒక్కటే కాదు, మిగతా వాదన మీద నమ్మకం కూడా తగ్గుతుంది.

లెక్క ఇంత సూటిగా ఉన్నప్పుడు వాదించడానికి ఏముంటుందని అనిపించవచ్చు. లెక్కలోకి వెళ్లే మూడు అంకెల్లోనే వాదన అంతా ఉంది. ఇదే కేసులో ఇన్సూరెన్స్ కంపెనీ ఆదాయం 12,000 అనీ, వయసు 41 దాటిందనీ, తల్లిని చిన్న కొడుకు చూసుకుంటాడు కాబట్టి ఆధారపడినవారు ముగ్గురేననీ అంటుంది. ఆ లెక్కన ఏడాదికి 1,44,000, దానికి 25 శాతం కలిపితే 1,80,000, ముగ్గురే ఉన్నారు కాబట్టి మూడో వంతు తీసేస్తే 1,20,000, మల్టిప్లయర్ 14తో గుణిస్తే 16,80,000. సూత్రం అదే, తీర్పులూ అవే. మూడు చోట్ల చిన్న చిన్న మార్పులతో 11,55,000 రూపాయలు కరిగిపోయాయి. అందుకే రాతపూర్వక వాదనల్లో సూత్రాన్ని పేజీలకొద్దీ వివరించడం కంటే ఈ మూడు అంకెలను ఒక్కొక్కటిగా సాక్ష్యంతో నిలబెట్టడం అవసరం.

మూడింటిలో ఎక్కువ బరువున్నది ఆదాయం. మన కేసులో నెలాదాయం 1,000 రూపాయలు మారితే ఆధార నష్టం 1,89,000 మారుతుంది. తాపీ మేస్త్రీకి జీతం చీటీ ఉండదు, ఆదాయపు పన్ను రిటర్ను ఉండదు. పిటిషన్ వేసేటప్పుడు అలవాటుగా రోజుకు వెయ్యి, నెలకు 25,000 అని రాసేస్తారు. దాన్ని నిలబెట్టే సాక్షి లేకపోతే ఆ అంకెను ట్రిబ్యునల్ పక్కన పెట్టి, తనకు సబబుగా తోచిన మొత్తాన్ని తీసుకుంటుంది. ఆ తోచిన మొత్తం ఎంతన్నది మన చేతుల్లో ఉండదు.

అందువల్ల మేస్త్రీ పని చేసిన కాంట్రాక్టరును సాక్షిగా పిలవాలి. ఆయన బోనెక్కి రోజు కూలి 800 అనీ, నెలకు 22 రోజుల పని ఉండేదనీ చెప్పాడనుకుందాం. క్రాస్‌లో "వానాకాలం పని ఉండదు కదా?" అని అడిగితే "రెండు నెలలు పని సరిగా నడవదండీ, నెలకు ఐదారు రోజులే" అని ఒప్పుకున్నాడు. చాలామంది ఈ ఒప్పుకోలును వాదనల్లో ప్రస్తావించకుండా దాటేస్తారు. దాటేయకుండా లెక్కలోకి తీసుకోవడం మేలు. పది నెలలకు నెలకు 22 రోజుల చొప్పున 220 రోజులు, రోజుకు 800 చొప్పున 1,76,000. మిగతా రెండు నెలలకు ఐదేసి రోజుల చొప్పున 8,000. మొత్తం ఏడాదికి 1,84,000, అంటే నెలకు 15,333. వానాకాలాన్ని కూడా తీసేసి చూపించిన ఈ అంకెను కొట్టేయడానికి ఎదుటి పక్షానికి ఇక పెద్దగా ఏమీ మిగలదు. 25,000 అని పట్టుబట్టి ఏ ఆధారమూ చూపించలేకపోవడం కంటే 15,000ను సాక్షి మాటతో, అంకెతో సహా అడగడం క్లెయిమ్‌దారులకు లాభం. కాంట్రాక్టరు దగ్గర హాజరు పుస్తకం, యూపీఐలో కూలి పంపిన వివరాలు, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి ఇచ్చిన లేబర్ కార్డు ఉంటే ఆ మాటకు కాగితం బలం కూడా తోడవుతుంది. లేబర్ కార్డు ఆదాయాన్ని చెప్పదు, వృత్తిని రుజువు చేస్తుంది. ఆ తేడా వాదనలో స్పష్టంగా రాయాలి.

ఇప్పుడు భార్య చెప్పిన పన్నెండు వేల దగ్గరికి వద్దాం. ఆమెను అడిగింది ఆయన ఎంత సంపాదించేవాడని కాదు, ఇంట్లో ఎంత ఇచ్చేవాడని. ఇంట్లో ఇచ్చిన డబ్బు అంటే సొంత ఖర్చులు పోగా మిగిలినది. సరళా వర్మ లెక్క ప్రకారం నలుగురు ఆధారపడిన ఇంట్లో మనిషి తన ఆదాయంలో నాలుగో వంతు తన మీద ఖర్చు పెట్టుకుంటాడు, మూడు వంతులు ఇంటికిస్తాడు. 12,000 మూడు వంతులైతే మొత్తం ఆదాయం 16,000. కాంట్రాక్టరు సాక్ష్యం నుంచి వచ్చిన 15,333కు ఇది దాదాపు సరిపోతోంది. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు సాక్షులు, రెండు వేర్వేరు వైపుల నుంచి ఒకే అంకె దగ్గరికి వస్తున్నారు. కంపెనీ కోరినట్టు 12,000ను ఆదాయంగా తీసుకుని దానిలో నుంచి మళ్లీ సొంత ఖర్చు తీసేస్తే, ఒకే ఖర్చును రెండుసార్లు తీసేసినట్టవుతుంది. క్లెయిమ్‌దారుల రాతపూర్వక వాదనల్లో ఈ నాలుగు వాక్యాలు తప్పకుండా ఉండాలి. వాటికి పక్కనే భార్య క్రాస్‌లోని ప్రశ్న జవాబులను ఉన్నదున్నట్టు ఎత్తి రాయాలి, ఎందుకంటే వాదన అంతా ఆ ప్రశ్నలో వాడిన మాట మీద ఆధారపడి ఉంది. సాక్ష్యం తెలుగులో నడిచి ఇంగ్లీషులో రికార్డయ్యే కోర్టుల్లో "ఇచ్చేవాడు" అన్న మాట "సంపాదించేవాడు"గా మారిపోయే ప్రమాదం ఉంది. ఆ వాక్యం టైపు అవుతున్నప్పుడే చూసి సరిచేయించుకోకపోతే, తర్వాత ఎంత బాగా రాసినా ఉపయోగం తక్కువ.

కాంట్రాక్టరు దొరకని కేసులూ ఉంటాయి. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం ఒక ఆసరా. అయితే అది కొలతబద్దే గానీ అంతిమ హద్దు కాదని 2021లో చంద్ర వర్సెస్ ముఖేష్ కుమార్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం లేనంత మాత్రాన ఆదాయాన్ని అట్టడుగు స్థాయికి దించకూడదనేది ఆ తీర్పు సారం. ఈ సందర్భంలో 2011 నాటి రామచంద్రప్ప తీర్పును ఇప్పటికీ చాలా వాదనల్లో ఉదహరిస్తుంటారు. అందులో సుప్రీంకోర్టు 2004లో జరిగిన ప్రమాదానికి కూలీ ఆదాయాన్ని నెలకు 4,500గా తీసుకుంది. 2024 ప్రమాదానికి ఆ తీర్పును ఏ వివరణా లేకుండా పెడితే న్యాయమూర్తి కళ్లెదుట నిలిచేది 4,500 అనే అంకె. ఇరవై ఏళ్ల కిందటి కూలి అంతైతే ఇప్పుడు ఎంతుండాలి అనే వాక్యం పక్కనే లేకపోతే ఆ తీర్పు క్లెయిముకే ఎదురు తిరుగుతుంది.

రుజువు లేక అంచనాతో తీసుకున్న ఆదాయానికి భవిష్యత్ పెరుగుదల కలపకూడదని కంపెనీలు వాదించడం కూడా మామూలే. 2021లో కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ తీర్పు దీన్ని తోసిపుచ్చింది. అంచనా ఆదాయానికీ పెరుగుదల కలపాల్సిందే. ఇంటి పని చేసే గృహిణి మరణించిన కేసుల్లో కూడా ఈ తీర్పే దారి చూపుతుంది.

రెండో అంకె వయసు. మన మేస్త్రీ బడి రికార్డు ప్రకారం పుట్టింది 1984 జూన్ 10న. ప్రమాదం నాటికి 39 ఏళ్ల 8 నెలలు. ఆధార్ కార్డులో 1983 జనవరి 1 అని ఉంది. నమోదు సమయంలో పుట్టిన తేదీ చెప్పలేనివారికి ఇలా జనవరి 1 వేసిన కార్డులు పల్లెల్లో చాలా ఉన్నాయి. దాని ప్రకారం 41 ఏళ్లు. పోస్టుమార్టం రిపోర్టులో "సుమారు 42" అని ఉంది. పంచనామా సమయంలో ఎవరో చెప్పిన వయసును పోలీసులు రాస్తారు, డాక్టరు ఆ కాగితం చూసి అదే రాస్తారు. అది వైద్య పరీక్షతో తేల్చిన వయసు కాదు. ఆదాయం, ఆధారపడినవారి సంఖ్య మారకుండా వయసు ఒక్కటే 41 అయితే పెరుగుదల 25 శాతానికి, మల్టిప్లయర్ 14కు పడిపోయి ఆధార నష్టం 23,62,500 అవుతుంది. ఏడాదిన్నర వయసు తేడాకు 4,72,500 రూపాయలు పోతాయి.

ఆధార్ పుట్టిన తేదీకి తగిన రుజువు కాదనీ, బడి నుంచి ఇచ్చిన సర్టిఫికెట్టును నమ్మాలనీ సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో సరోజ్ వర్సెస్ ఇఫ్కో టోకియో కేసులో చెప్పింది. అది కూడా మోటారు ప్రమాద కేసే. బడి రికార్డు ప్రకారం 45 ఏళ్లు, ఆధార్ ప్రకారం 47. బడి రికార్డును తీసుకోవడం వల్ల మల్టిప్లయర్ 13 కాకుండా 14 నిలబడింది. మన కేసుకు ఇంత దగ్గరగా ఉన్న తీర్పు ఒక్కటి చాలు, దానికి తోడు మరో ఆరు తీర్పుల జాబితా అక్కర్లేదు. అయితే తీర్పు ఉందని సర్టిఫికెట్టు దానంతటది రుజువైపోదు. కంపెనీ ఆ సర్టిఫికెట్టును వివాదం చేస్తే, ప్రధానోపాధ్యాయుణ్ని అడ్మిషన్ రిజిస్టరుతో పిలిపించడానికి సాక్ష్యం ముగియకముందే దరఖాస్తు పెట్టాలి. వాదనల దశలో ఈ లోటు తెలిస్తే పూడ్చడం కష్టం.

ఇక్కడ రెండు తీర్పుల మధ్య ఒక చిన్న అంచు ఉంది. సరళా వర్మ పట్టికలో 36 నుంచి 40 వరకు ఒకే వరస. ప్రణయ్ సేఠీలో 40 శాతం వర్తించేది 40 ఏళ్ల లోపువారికి మాత్రమే. కాబట్టి సరిగ్గా 40 నిండిన మనిషికి మల్టిప్లయర్ 15 వస్తుంది గానీ పెరుగుదల 25 శాతమే. రెండింటికీ ఒకే హద్దు అనుకుని 40 ఏళ్ల మనిషికి 40 శాతం అడిగిన పిటిషన్లు, మల్టిప్లయర్ 14 మాత్రమే ఇవ్వాలన్న కంపెనీల కౌంటర్లు రెండూ తప్పే.

మూడోది ఆధారపడినవారి సంఖ్య. తల్లిని తీసేస్తే మూడో వంతు తగ్గింపు పడి ఆధార నష్టం 25,20,000కు వస్తుంది. అంటే తల్లి గురించిన ఒక్క వాదన విలువ 3,15,000. మరో కొడుకు ఉన్నాడన్నంత మాత్రాన తల్లి ఈ కొడుకు మీద ఆధారపడలేదని అనలేము. ఆమె ఎవరి ఇంట్లో ఉండేదన్నది ప్రశ్న. మేస్త్రీ కుటుంబం రేషన్ కార్డులో తల్లి పేరుంది, తమ్ముడికి వేరే కార్డు ఉంది. ఈ రెండు కార్డులూ ఎగ్జిబిట్లుగా పడితే వాదన రెండు వాక్యాల్లో అయిపోతుంది. ఆమెకు వృద్ధాప్య పింఛను వస్తోందని కంపెనీ ఎత్తి చూపవచ్చు. తెలంగాణలో ఆ పింఛను నెలకు 2,016 రూపాయలు. ఒక మనిషి మందులకూ తిండికీ కూడా చాలని ఆ మొత్తం ఆమెను కొడుకు మీద ఆధారపడని మనిషిగా మార్చదని చెప్పడమే దానికి జవాబు. తండ్రి బతికి ఉన్న కేసుల్లో మాత్రం జాగ్రత్త అవసరం. ఆధారపడినట్టు సాక్ష్యం ఉంటే తప్ప తండ్రిని సాధారణంగా లెక్కలోకి తీసుకోకూడదని సరళా వర్మ తీర్పులోనే ఉంది.

ఆధార నష్టానికి తోడు వచ్చే మొత్తాలు మూడు. కన్సార్టియం, అంటే మృతుడి తోడు కోల్పోయినందుకు ఇచ్చే మొత్తం, అంత్యక్రియల ఖర్చు, ఎస్టేట్ నష్టం, అంటే మృతుడి ఆస్తికి కలిగిన నష్టం. 2017లో వాటిని 40,000, 15,000, 15,000గా నిర్ణయించి మూడేళ్లకోసారి 10 శాతం పెంచాలన్నారు. రెండుసార్లు పెరిగాక అవి 48,400, 18,150, 18,150 అయ్యాయి. 2018 నాటి మాగ్మా తీర్పు తర్వాత కన్సార్టియం భార్యకు మాత్రమే కాక పిల్లలకూ, తల్లిదండ్రులకూ విడివిడిగా వస్తుంది. కాబట్టి మన కేసులో నలుగురికి 1,93,600. మిగతా రెండూ కలిపి మొత్తం 2,29,900. ఆధార నష్టంతో కలిస్తే క్లెయిము 30,64,900. పాత డ్రాఫ్టుల్లో నుంచి ఎత్తి రాసే అలవాటు వల్ల ఇప్పటికీ కొన్ని వాదనల్లో 2013 నాటి రాజేష్ తీర్పు చూపించి భార్యకు లక్ష రూపాయల కన్సార్టియం అడుగుతుంటారు. ఆ తీర్పు కట్టుబడాల్సినది కాదని ప్రణయ్ సేఠీలోనే చెప్పేశారు. ప్రేమాభిమానాల నష్టం పేరిట వేరే మొత్తం అడగడం కూడా ఇప్పుడు కుదరదు.

రాతపూర్వక వాదనలు ఎలా ఉండాలన్న దానికి ఇప్పటికే సగం జవాబు వచ్చింది. చాలా వాదనలు ప్రమాదం ఎలా జరిగింది, కుటుంబం ఎంత దిక్కులేనిదయింది అన్న వర్ణనతో మూడు పేజీలు నడిచి, తర్వాత తీర్పుల పేర్లు వరసగా రాసి, చివర ఒక మొత్తంతో ముగుస్తాయి. ఆ కష్టం నిజమే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ తీర్పు రాసే న్యాయమూర్తికి కావలసింది ప్రతి అంశం మీద ఏ నిర్ణయం కోరుతున్నారు, దానికి రికార్డులో ఏ పేజీలో ఏముంది, ఎదుటి పక్షం దానికి ఏమంటోంది, అది ఎందుకు నిలబడదు అన్నవి. ఆ క్రమంలో రాసిన పేరాను ఆయన దాదాపు అలాగే తీర్పులోకి తీసుకోగలుగుతారు. వయసు గురించిన పేరా ఇలా ఉండవచ్చు:

"ప్రమాదం నాటికి మృతుడి వయసు 39 సంవత్సరాలని నిర్ణయించవలసిందిగా పిటిషనర్లు కోరుతున్నారు. ఎగ్జిబిట్ ఎ-7 స్టడీ సర్టిఫికెట్టు ప్రకారం మృతుడి పుట్టిన తేదీ 10-06-1984. దాన్ని జారీ చేసిన పాఠశాల ప్రధానోపాధ్యాయుడు నాలుగో సాక్షిగా అడ్మిషన్ రిజిస్టరును చూపించి రుజువు చేశారు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ రిజిస్టరు దిద్దబడిందని గానీ, అది వేరే వ్యక్తికి సంబంధించినదని గానీ సూచన కూడా చేయలేదు. రెండో రెస్పాండెంటు అయిన ఇన్సూరెన్స్ కంపెనీ ఆధారపడిన పోస్టుమార్టం రిపోర్టులో వయసు 'సుమారు 42' అని మాత్రమే ఉంది. ఆ వయసు ఏ పరీక్ష ద్వారా తేల్చారో రిపోర్టులో లేదు, డాక్టరును సాక్షిగా విచారించలేదు. ఆధార్ కార్డు విషయంలో సరోజ్ తీర్పు ఈ కేసుకు నేరుగా వర్తిస్తుంది. కాబట్టి 40 శాతం పెరుగుదల, 15 మల్టిప్లయర్ వర్తిస్తాయి."

ఈ పేరాలో విశేషణాలు లేవు. ఎదుటి పక్షం ఏం చేయలేదన్నది మాత్రం ఉంది. క్రాస్‌లో ఒక విషయం మీద సూచన కూడా చేయకపోవడం, పిలవాల్సిన సాక్షిని పిలవకపోవడం క్లెయిమ్‌దారులకు చాలా విలువైన అంశాలు. వాటిని వెతకడానికి డిపాజిషన్లను, అంటే సాక్షుల వాంగ్మూలాల రికార్డును, వాదనలు రాసే ముందు మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదవడం తప్ప వేరే దారి లేదు.

ప్రత్యామ్నాయ లెక్క ఇవ్వాలా వద్దా అన్నది తరచూ వచ్చే సందేహం. ఆదాయం విషయంలో ఇవ్వడం మంచిది, ఎందుకంటే అక్కడ ట్రిబ్యునల్‌కు కొంత అంచనా వేసే వెసులుబాటు ఉంది. 15,000 అడిగి, ఒకవేళ కాంట్రాక్టరు సాక్ష్యాన్ని నమ్మకపోయినా నైపుణ్యమున్న కార్మికుడి కనీస వేతనానికి తగ్గకూడదని రాస్తే లెక్కకు ఒక దిగువ హద్దు దొరుకుతుంది. వయసు విషయంలో అలా రాయకూడదు. "ఒకవేళ 41 అనుకున్నా" అని మొదలుపెట్టిన వాక్యం మన సర్టిఫికెట్టు మీద మనకే నమ్మకం లేదని చెప్పినట్టవుతుంది.

క్లెయిమ్ పిటిషన్‌లో అడిగిన మొత్తం 25 లక్షలే ఉండి, సాక్ష్యం ప్రకారం 30,64,900 వస్తే ఏం చేయాలన్నది మరో ప్రశ్న. న్యాయమైన పరిహారం ఎంతైతే అంత ఇవ్వాలనీ, అడిగిన మొత్తం దానికి హద్దు కాదనీ 2002లో నాగప్ప తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. వాదనల్లో ఈ అంశాన్ని ఒక వాక్యంలో అడగాలి, పెరిగిన మొత్తానికి కట్టాల్సిన కోర్టు ఫీజు ఉంటే కట్టడానికి సిద్ధమని కూడా రాయాలి. పిటిషన్ వేసిన తేదీ నుంచి వడ్డీ, సెక్షన్ 171 కింద, వాదనల చివర కోర్టును కోరే ప్రార్థనలో విడిగా ఉండాలి. పిల్లల వాటాను వారికి 18 ఏళ్లు నిండే వరకు బ్యాంకులో డిపాజిట్ చేయమని, మేస్త్రీ తల్లి వాటాను ఆమె ఖాతాలోకి నేరుగా ఇవ్వమని పంపకం కూడా అక్కడే సూచించాలి.

చివరగా లెక్కను ఒక పేజీలో విడిగా జతపరచాలి. ప్రతి అంకె పక్కన దాన్ని రుజువు చేసే ఎగ్జిబిట్ నంబరు, సాక్షి నంబరు, డిపాజిషన్‌లో పేజీ ఉండాలి. అలా రాస్తున్నప్పుడే ఏ అంకె పక్కన గడి ఖాళీగా మిగిలిందో తెలిసిపోతుంది. మన కేసులో ఆ పేజీ మొదటిసారి రాసినప్పుడు 15,000 పక్కన కాంట్రాక్టరు నంబరు ఒక్కటే ఉంటుంది. భార్య క్రాస్‌ను మళ్లీ చదివాక ఆమె నంబరు కూడా దాని పక్కన చేరుతుంది.